ఫోటోలో వచ్చిన వర్క్‌షీటు, బైనరీ–డెసిమల్–హెక్సా మార్పిడి: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో డిప్లొమా, బీసీఏ పిల్లలకి లెక్కలు చెప్పేవాళ్లెవరి వాట్సాప్ తెరిచినా ఇవే ఫోటోలు. బ్రాడీపేటలో జిరాక్సు తీయించిన కాగితాన్ని మంచం మీద పరిచి, సాయంత్రం వెలుతురులో ఒక మూల నుంచి తీసిన ఫోటో వస్తుంది. దాని కింద "సార్, మూడోది రావట్లేదు" అని ఒక్క ముక్క ఉంటుంది. ఇలాంటి కాగితాల్లో లెక్క చేతకాక తప్పే వాళ్లకంటే అంకె సరిగ్గా చదవక తప్పే వాళ్లే నాకు ఎక్కువగా కనిపిస్తారు. అందుకే ఈ పేజీలో చదవడం గురించి ముందు, చేయడం గురించి తర్వాత రాశాను. ఉదాహరణకి నాలుగు లెక్కలున్న ఒక కాగితాన్ని తీసుకుని చివరిదాకా దానితోనే నడుద్దాం.

```
1)  (10110111)₂    = (?)₁₀ = (?)₁₆
2)  (1957)₁₀       = (?)₁₆ = (?)₂
3)  (2B8)₁₆        = (?)₁₀ = (?)₂
4)  (110101.101)₂  = (?)₁₀ = (?)₁₆
```

ఫోటో చూసి లెక్క మొదలుపెట్టే ముందు ఏం చూడాలి?

బ్రాకెట్ పక్కన కిందుగా ఉండే చిన్న అంకె. 2 ఉంటే బైనరీ, 10 ఉంటే డెసిమల్, 16 ఉంటే హెక్సా. జిరాక్సుకి జిరాక్సు తీసిన కాగితంలో మొదట మాయమయ్యేది ఇదే. అది పోతే లెక్కే మారిపోతుంది. ఉదాహరణకి 101 అని మాత్రమే కనిపిస్తే బైనరీలో దాని విలువ 5, డెసిమల్‌లో నూట ఒకటి, హెక్సాలో 257.

చిన్న అంకె కనిపించకపోతే సంఖ్యలోని అంకెలే కొంత చెబుతాయి. A నుంచి F దాకా ఏ అక్షరం ఉన్నా అది హెక్సానే. 2 గానీ అంతకన్నా పెద్ద అంకె గానీ ఉంటే బైనరీ కాదు. అంతా సున్నాలూ ఒకట్లే అయితే బైనరీ అయ్యే అవకాశం ఎక్కువ, కానీ ఖాయం కాదు. అక్షరం లేకుండా 288 లాంటిది కనిపిస్తే అది డెసిమలో హెక్సానో అంకెలు చెప్పలేవు. అప్పుడు పై వరుసలోని సూచన చదవాలి. ఫోటోలో ఆ వరుస లేకపోతే మళ్లీ తీయమనాలి. ఊహించి చేసిన లెక్క ఎంత చక్కగా ఉన్నా అది వేరే ప్రశ్నకి జవాబు అవుతుంది.

మైక్రోప్రాసెసర్ ల్యాబు కాగితాల్లో చిన్న అంకెకి బదులు చివర H పెడతారు, 2B8H అని. ప్రోగ్రామింగ్ కాగితాల్లో ముందు 0x పెడతారు, 0x2B8 అని. మూడూ ఒకటే. ఆ H, x సంఖ్యలో భాగం కాదు కాబట్టి వాటికి విలువ కట్టకండి.

ఫోన్లో ఫోటో మీద నొక్కి పట్టుకుని అంకెలు కాపీ చేశాను. జవాబు ఎక్కడికో పోయింది. ఎందుకు?

కిందుగా ఉన్న చిన్న అంకె పైకొచ్చి సంఖ్యకి అతుక్కుపోయి ఉంటుంది. ఫోటోలోంచి అక్షరాలు తీసే సదుపాయాలు చిన్న అంకెని మామూలు అంకెగా చదవడం మామూలే. బ్రాకెట్ కూడా సరిగ్గా అందకపోతే మన కాగితం ఇలా వస్తుంది:

```
101101112      (10110111)₂ కావాలి
195710         (1957)₁₀ కావాలి
2B816          (2B8)₁₆ కావాలి
```

మొదటిది పట్టుకోవడం తేలిక. బైనరీ సంఖ్యలో 2 ఉండదు కదా, చివర 2 కనిపించిందంటే అది బేస్ అన్నమాట. రెండోదీ మూడోదీ ప్రమాదం, ఎందుకంటే 195710 మామూలు డెసిమల్ సంఖ్యే, 2B816 మామూలు హెక్సా సంఖ్యే. ఏ క్యాలిక్యులేటరూ అభ్యంతరం చెప్పదు. కాపీ చేసిన ప్రతి సంఖ్య చివరా 2, 10, 16 ఉన్నాయేమో ఒకసారి చూసి, ఉంటే ఫోటోలో అది కిందుగా ఉందో లేదో సరిచూసుకోండి.

ఇదే సదుపాయం సున్నాని O అక్షరంగా, ఒకటిని చిన్న l గా కూడా రాస్తుంది. తెర మీద చూస్తే తేడా తెలియదు. అది పైథాన్‌లో వేస్తే మాత్రం తప్పు చూపించి ఆగిపోతుంది. ఆగిపోవడమే మనకి మంచిది.

మూడో లెక్కలో ఉన్నది 2B8 నా, 288 నా, 2BB నా? ఎలా తేల్చాలి?

పిల్లలు పంపే ఫోటోల్లో నన్ను ఎక్కువసేపు ఆపేది ఈ జతే. మసకబారిన జిరాక్సులో 8, B ఒకేలా ఉంటాయి. ఎడమవైపు చూడండి. B కి ఎడమపక్క నిలువుగీత తిన్నగా ఉంటుంది, పై మూల, కింది మూల కోసుగా ఉంటాయి. 8 కి ఎడమపక్క మధ్యలో నొక్కినట్టు లోపలికి పోతుంది. ఫోటోని పెద్దది చేసి ఆ ఒక్క పక్కే చూస్తే చాలాసార్లు తేలిపోతుంది.

అలా తేలకపోతే అదే కాగితంలో అనుమానం లేని 8 ఒకటి, అనుమానం లేని B ఒకటి వెతకండి. ప్రశ్న నంబరులోనో, తేదీలోనో, పైన రాసిన సబ్జెక్టు కోడులోనో దొరుకుతాయి. ఒకే అచ్చు కాబట్టి పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. చేతిరాత కాగితమైతే ఇది ఇంకా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ఒక మనిషి 8 రాసే తీరు కాగితమంతా ఒకేలా ఉంటుంది.

అయినా తేలకపోతే రెండు రకాలుగా చేసి ఎంత తేడా వస్తుందో చూడండి. 2B8 అయితే 696, 288 అయితే 648. తేడా 48. పదహార్ల స్థానంలో 11 కి బదులు 8 పడింది కాబట్టి మూడు పదహార్లు తగ్గాయి. కాగితం వెనక జవాబులు ఉండి, మీ జవాబుకీ దానికీ తేడా సరిగ్గా 3 గానీ, 48 గానీ, 768 గానీ అయితే 8 నీ B నీ తారుమారుగా చదివారని గట్టిగా అనుమానించవచ్చు. ఒకట్ల స్థానంలో అయితే తేడా 3, పదహార్లలో 48, రెండు వందల యాభై ఆర్లలో 768.

ఇంకో రెండు జతలు కూడా చూసుకోండి. చేతిరాతలో చిన్న b, 6 కలిసిపోతాయి. అచ్చులో D, 0 కలిసిపోతాయి. హెక్సా అక్షరాలు ఎప్పుడూ పెద్ద అక్షరాల్లోనే రాయమని నేను పట్టుబట్టేది ఆ b వల్లే.

బైనరీలో ఒక అంకె ఫోటోలో పోయిందని ఎలా తెలుస్తుంది?

లెక్కపెట్టండి. పాఠ్యపుస్తకాల్లో, వర్క్‌షీట్లలో బైనరీ సంఖ్యల్ని ఎక్కువగా నాలుగు, ఎనిమిది, పదహారు అంకెలతో ఇస్తారు. ఏడు కనిపిస్తే అది నిజంగా ఏడే కావచ్చు, కానీ కాగితం అంచునీ మడతనీ ఒకసారి చూసి ముందుకెళ్లాలి.

మొదటి లెక్కలో కుడి అంచు తెగి చివరి 1 పోతే 1011011 మిగులుతుంది, అంటే 91. అసలు విలువ 183. చివరి అంకె పోతే విలువ సగమవుతుంది. మడతలో రెండో అంకె సున్నా పోతే 1110111 అవుతుంది, అంటే 119. మీ జవాబు పక్కవాళ్ల జవాబులో సగమో, సగంకన్నా కొంచెం తక్కువో వస్తే భాగహారం మళ్లీ చేయకండి, కాగితం మళ్లీ చూడండి.

ఫోటో తీసేవాళ్లకి ఒక్క మాట. కాగితాన్ని బల్ల మీద పరిచి నిటారుగా పైనుంచి తీయండి. పక్కనుంచి తీస్తే దూరంగా ఉన్న అంచులో సున్నాలు ఒకదానికొకటి ఆనుకుని కనిపిస్తాయి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంటుగా పంపితే తీసింది తీసినట్టు చేరుతుంది.

బైనరీ నుంచి డెసిమల్‌కి స్థాన విలువలు రాయకుండా చేయవచ్చా?

చేయవచ్చు. నాకు ఇదే ఇష్టం. ఎడమ చివర నుంచి మొదలుపెట్టి, చేతిలో ఉన్నదాన్ని రెట్టింపు చేసి తర్వాతి అంకె కలుపుతూ పోవాలి. 10110111 కి:

```
1 → 1
0 → 1×2 + 0 = 2
1 → 2×2 + 1 = 5
1 → 5×2 + 1 = 11
0 → 11×2 + 0 = 22
1 → 22×2 + 1 = 45
1 → 45×2 + 1 = 91
1 → 91×2 + 1 = 183
```

స్థాన విలువలతో చేసినా 128+32+16+4+2+1, అదే 183. రెట్టింపు పద్ధతిలో మేలేమిటంటే పెద్ద సంఖ్యలకి రెండు ఘాతాల పట్టిక గుర్తుండనక్కర్లేదు, ఏ ఒకటి ఏ స్థానం కింద ఉందో వేలు పెట్టి చూసుకోనక్కర్లేదు. ఇదే హెక్సాకీ పనిచేస్తుంది, రెట్టింపుకి బదులు పదహారు రెట్లు చేయాలంతే. 2B8 కి మొదట 2. దాన్ని పదహారు రెట్లు చేసి 11 కలిపితే 43. దాన్ని పదహారు రెట్లు చేస్తే 688, 8 కలిపితే 696.

పరీక్షలో స్థాన విలువల పద్ధతిలోనే చేయమని ఉంటే అలాగే చేసి చూపించండి. సరిచూసుకోవడానికి మాత్రం ఇది వాడుకోండి.

డెసిమల్ నుంచి బైనరీకి 2 తో భాగిస్తూ పోతే పేజీ నిండిపోతోంది. దగ్గర దారి ఉందా?

ఉంది. ముందు హెక్సాకి మార్చి, అక్కడినుంచి బైనరీకి దిగండి. 1957 అంటే ప్రకాశం బ్యారేజీ ప్రారంభమైన ఏడు, అందుకే ఆ సంఖ్య తీసుకున్నాను. దాన్ని 2 తో భాగిస్తే పదకొండు మెట్లు, 16 తో భాగిస్తే మూడే:

```
1957 ÷ 16 = 122   శేషం 5
 122 ÷ 16 =   7   శేషం 10 → A
   7 ÷ 16 =   0   శేషం 7
```

శేషాల్ని కింది నుంచి పైకి చదవాలి, 7A5. మొదట వచ్చిన శేషం ఒకట్ల స్థానానిది, చివర వచ్చింది అన్నిటికన్నా పెద్ద స్థానానిది. అందుకే కింది నుంచి పైకి. పైనుంచి కిందికి చదివితే 5A7 అవుతుంది, దాని విలువ 1447.

ఇప్పుడు ఒక్కో హెక్సా అంకెనీ నాలుగు బిట్లుగా విప్పండి. 7 అంటే 0111, A అంటే 1010, 5 అంటే 0101. కలిపితే 011110100101. ముందున్న సున్నా తీసేస్తే 11110100101. నాలుగే ఎందుకంటే 16 అంటే 2 ని నాలుగుసార్లు గుణించినది. నాలుగు బిట్లతో సరిగ్గా పదహారు రకాలు వస్తాయి, 0000 నుంచి 1111 దాకా. 10 కి 2 తో ఇలాంటి సంబంధం లేదు. అందుకే డెసిమల్ అంకెల్ని విడివిడిగా బైనరీలోకి మార్చి అతికించకూడదు. 1, 9, 5, 7 లని నాలుగేసి బిట్లుగా రాసి పక్కపక్కన పెడితే వచ్చేది బీసీడీ అనే వేరే కోడు, 1957 కి బైనరీ కాదు.

విప్పేటప్పుడు మధ్య అంకెల ముందు సున్నాలు వదలకండి. 5 ని 101 అని రాసి అతికిస్తే మొత్తం ఒక స్థానం జరిగిపోతుంది. సున్నాలు తీయడం అన్నీ అతికించాక, ఎడమ చివర మాత్రమే.

క్యాలిక్యులేటర్‌లో 1957 ÷ 16 కొడితే 122.3125 వస్తోంది. శేషం 3 రాయాలా?

రాయకూడదు. ఇది చాలామంది పడే గుంట. పాయింటు తర్వాత ఉన్నది శేషం కాదు, శేషాన్ని 16 తో భాగించగా వచ్చింది. దాన్ని మళ్లీ 16 తో గుణిస్తే శేషం వస్తుంది. 0.3125 × 16 = 5. రెండో మెట్టులో 122 ÷ 16 = 7.625, 0.625 × 16 = 10. గుణించాక పూర్ణాంకం రాకపోతే మధ్యలో ఏదో అంకె తప్పు నొక్కారు.

విజయవాడ పిన్ కోడు 520001 తో ఒకసారి చేసి చూసుకోండి. శేషాలు వరసగా 1, 4, 15, 14, 7 వస్తాయి. కింది నుంచి చదివితే 7EF41. ఇక్కడ 15, 14 లని అలాగే రాసి 7141541 అని చదివేవాళ్లు ఉన్నారు. శేషం 9 దాటగానే, తర్వాతి మెట్టుకి పోకముందే, పక్కన అక్షరం రాసేసుకోండి.

బైనరీని నాలుగేసిగా విడగొట్టాను, అయినా హెక్సా తప్పొచ్చింది. ఏమై ఉంటుంది?

ఎడమవైపు నుంచి విడగొట్టి ఉంటారు. తెలుగైనా ఇంగ్లిషైనా చదివేది ఎడమ నుంచే కాబట్టి చేయి అటే పోతుంది. పూర్ణ సంఖ్యని మాత్రం కుడి చివర నుంచి విడగొట్టాలి.

```
ఎడమ నుంచి (తప్పు) :  1111 0100 101  → F45
కుడి నుంచి (సరి)   :  111 1010 0101  → 7A5
```

ఒకట్ల స్థానం కుడి చివర ఉంటుంది, అక్కడినుంచి కొలిస్తేనే ప్రతి గుంపూ సరైన హెక్సా స్థానం మీద పడుతుంది. ఎడమన మిగిలిన 111 కి ముందు ఒక సున్నా చేర్చి 0111 అనుకుంటే సరిపోతుంది, పూర్ణ సంఖ్య ముందు సున్నా చేర్చితే విలువ మారదు. F45 అంటే 3909, అసలు విలువకి దాదాపు రెట్టింపు. అంకెల సంఖ్య నాలుగుతో తెగితే, అంటే మొదటి లెక్కలోలా ఎనిమిది ఉంటే, ఎటునుంచి విడగొట్టినా B7 నే వస్తుంది. మొదటి లెక్క సరిగ్గా వచ్చి రెండోది తప్పడానికి ఇదీ ఒక కారణం.

పాయింటు ఉన్న సంఖ్యకి ఎటునుంచి విడగొట్టాలి?

పాయింటు దగ్గర నిలబడి రెండువైపులకీ వెళ్లాలి. నాలుగో లెక్కలో పాయింటుకి ఎడమన 110101 ఉంది. దాన్ని పాయింటు నుంచి ఎడమకి విడగొడితే 11 0101, అంటే 35. కుడిన 101 ఉంది. దాన్ని పాయింటు నుంచి కుడికి విడగొట్టాలి. మూడే అంకెలున్నాయి కాబట్టి చివర ఒక సున్నా చేర్చాలి, 1010, అంటే A. జవాబు 35.A.

ముందు సున్నా చేర్చి 0101 చేస్తే .5 వస్తుంది, అది తప్పు. డెసిమల్‌తో తేల్చుకోవచ్చు. .101 అంటే అర, దానికి తోడు ఎనిమిదో వంతు, అంటే 0.625. హెక్సా .A అంటే 10/16, అదీ 0.625. హెక్సా .5 అంటే 5/16, అది 0.3125. పూర్తి జవాబు డెసిమల్‌లో 53.625.

ఫోటోలో ఈ పాయింటు మరకలా కనిపించవచ్చు, మరక పాయింటులా కూడా కనిపించవచ్చు. గీత అడుగున ఉంటే పాయింటు, అంకెల మధ్య ఎత్తులో ఉంటే మరక అయ్యే అవకాశం ఎక్కువ. పాయింటు పోతే 110101101 అవుతుంది, అంటే 429. అది 53.625 కి సరిగ్గా ఎనిమిది రెట్లు.

డెసిమల్ భిన్నాన్ని బైనరీకి మార్చేటప్పుడు 2 తో గుణిస్తూ పాయింటు ముందు వచ్చిన అంకెల్ని తీసుకోవాలి. 0.625 రెట్టింపు 1.25, అంకె 1. మిగిలిన 0.25 రెట్టింపు 0.5, అంకె 0. 0.5 రెట్టింపు 1.0, అంకె 1. వీటిని పైనుంచి కిందికి చదవాలి, భాగహారానికి తలకిందులు. ఒకే కాగితంలో రెండు రకాల లెక్కలూ వస్తే పిల్లలు ఇక్కడే తికమక పడతారు.

0.1 ని బైనరీలోకి మారుస్తుంటే ఎంతకీ తెగట్లేదు. నేనే తప్పు చేస్తున్నానా?

లేదు. అది తెగదు. 0.2, 0.4, 0.8, 1.6, 1.2, మళ్లీ 0.4 దగ్గరికే వస్తుంది. అంకెలు 0.000110011 అని 0011 తిరుగుతూనే ఉంటుంది. భిన్నాన్ని కుదించాక హారం 2 ఘాతమైతేనే బైనరీలో తెగుతుంది. 0.625 అంటే 5/8, తెగింది. 0.1 అంటే 1/10, హారంలో 5 ఉంది, తెగదు. కాగితంలో ఎన్ని స్థానాల వరకు అడిగారో చూసి అక్కడ ఆపండి. పైథాన్‌లో `0.1 + 0.2` కొడితే `0.30000000000000004` రావడానికి కారణం ఇదే.

జవాబు సరైందో కాదో, వెనక జవాబులు లేకుండా ఎలా తెలుసుకోవాలి?

మొదటిది సరి, బేసి చూడటం. డెసిమల్ బేసి అయితే బైనరీ చివర 1 ఉండాలి, హెక్సా చివరి అంకె కూడా బేసి కావాలి. B, D, F బేసి, A, C, E సరి. ఇది చూపుతోనే అయిపోతుంది.

రెండోది 15 పరీక్ష. డెసిమల్‌లో అంకెలు కూడి 9 తో సరిచూసినట్టే, హెక్సాలో అంకెలు కూడి 15 తో సరిచూడవచ్చు. 16 ని 15 తో భాగిస్తే శేషం 1 కాబట్టి ఏ స్థానంలోని అంకెకైనా శేషం మారదు. 7A5 కి 7+10+5 = 22, 15 తీసేస్తే 7. 1957 ని 15 తో భాగిస్తే కూడా శేషం 7. కుదిరింది. 7EF41 కి 7+14+15+4+1 = 41, శేషం 11. 520001 ని 15 తో భాగించినా 11. 2B8 ని 288 గా చదివితే శేషం 3 వస్తుంది, 696 కి రావాల్సింది 6. తేడా అక్కడే బయటపడుతుంది.

దీని హద్దు కూడా తెలియాలి. అంకెల వరుస తారుమారైతే ఇది పట్టుకోదు. 7A5 కి బదులు 5A7 రాసినా కూడిక 22 నే. 0 కి బదులు F పడినా పట్టుకోదు. అందుకే శేషాల్ని పైనుంచి కిందికి చదివారన్న అనుమానం ఉంటే వెనక్కి లెక్కకట్టడం ఒక్కటే దారి: 7×256 + 10×16 + 5 = 1957.

కంప్యూటర్‌లో సరిచూసుకోవాలంటే?

పైథాన్ ఉంటే ఇంతే:

```
int('10110111', 2)   # 183
hex(1957)            # '0x7a5'
bin(0x2B8)           # '0b1010111000'
```

విండోస్ క్యాలిక్యులేటర్‌లో `Programmer` మోడ్ పెట్టి, ఏ బేస్‌లో ఉందో `HEX`, `DEC`, `BIN` లలో అది ఎంచుకున్నాకే సంఖ్య కొట్టాలి. పాయింటు సంఖ్యలు ఆ మోడ్‌లో కుదరవు.

ఎక్సెల్‌లో మాత్రం జాగ్రత్త. `DEC2BIN` 511 వరకే పనిచేస్తుంది, 1957 ఇస్తే `#NUM!` అంటుంది. దానికి బదులు `BASE(1957,2)` వాడండి. 1E5 అనే హెక్సా సంఖ్యని గడిలో కొడితే ఎక్సెల్ దాన్ని లక్షగా మార్చేస్తుంది, ఎందుకంటే E ని పది ఘాతంగా చదువుతుంది. అసలు దాని విలువ 485. పదహారు బిట్ల బైనరీ కొడితే పదిహేను అంకెలే నిలుస్తాయి, చివరిది సున్నా అయిపోతుంది. సంఖ్య కొట్టకముందే గడిని `Text` గా పెడితే ఈ రెండు ఇబ్బందులూ రావు.

మొదటి లెక్కకి మావాడి స్నేహితుడు -73 అని రాశాడు, మావాడు 183 అన్నాడు. ఎవరిది సరి?

కాగితంలో ఏమని అడిగారో దాన్నిబట్టి. మామూలుగా మార్చమంటే 183 నే. పైన ఎక్కడైనా ఎనిమిది బిట్ల సైన్డ్ సంఖ్య అనో, టూస్ కాంప్లిమెంట్ అనో ఉంటే ఎడమ చివరి 1 విలువ +128 కాదు, -128. అప్పుడు 183 లోంచి 256 తీసేయాలి, -73. అలాంటి మాట సాధారణంగా ప్రశ్నల పైన ఒక్కసారే ఉంటుంది, ఫోటో తీసేటప్పుడు ఆ పై వరుసే ఎక్కువగా తెగిపోతుంది. కాగితం మొత్తం పడేలా మళ్లీ ఒక ఫోటో తెప్పించి చూడండి.